అటక మీద అరిసెల డబ్బా

మా మామయ్యది తెనాలి. వయసు 54. బీపీ ఉంది. కొలెస్ట్రాల్‌కి మూడేళ్లుగా రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నారు. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని కాబట్టి చుట్టాలందరి రిపోర్టులూ నా ఫోనుకే వస్తుంటాయి. రెండేళ్ల కిందట ఫిబ్రవరి మొదటి వారంలో మామయ్య రిపోర్టు పంపి, వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఈ మాత్ర పనిచేయడం మానేసినట్టుంది. డాక్టరుగారు డోసు పెంచుదామంటున్నారు. ఏం చేయమంటావ్?"

పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఎల్‌డీఎల్, అంటే అందరూ చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచేది, నవంబరులో 104 ఉండగా ఫిబ్రవరికి 118 అయింది. ట్రైగ్లిజరైడ్లు 170 నుంచి 255కి ఎగబాకాయి. ఈ రెండు నెలల మధ్య ఏం జరిగిందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి వచ్చి వెళ్లింది.

"పండగ మూడు రోజులూ కాస్త గట్టిగానే తిన్నాన్లే. మూడు రోజులకే ఇంతవుతుందా?" అన్నారు.

"మూడు రోజులకు కాదు మామయ్యా. అరిసెల డబ్బా ఎప్పటికి ఖాళీ అయింది?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అత్తయ్య గొంతు వినిపించింది. "ఇంకా అడుగున నాలుగున్నాయే."

నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎక్కువమంది పొరబడే చోటు ఇదే. పండగ నాటి విస్తరి చూసి భయపడతారు. ఆ రోజు తినకుండా నోరు కట్టుకుని ఇంట్లోవాళ్లను నొప్పిస్తారు, లేదంటే తినేసి తప్పు చేసినట్టు కుమిలిపోతారు. పండగ వెళ్లాక మూడు వారాలు అటక మీద ఉండే డబ్బా మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

మామయ్య చేత ఆ జనవరి నెలంతా గుర్తు చేయించాను. భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులు బొబ్బట్లు, గారెలు, కోడికూర, పప్పులోకి నెయ్యి. మామూలు రోజుల కన్నా రోజుకు 25 గ్రాముల కొవ్వు అదనం అనుకున్నా మూడు రోజులకు 75 గ్రాములు. ఇక డబ్బా సంగతి. రాత్రి భోజనమయ్యాక రెండు నేతి అరిసెలు, సాయంత్రం కాఫీతో ఒక సున్నుండ. ఇలా ఇరవై రోజులు. ఒక అరిసెలో సుమారు 7 గ్రాముల నెయ్యి ఉంటుంది (ఈ అంకె ఎలా వచ్చిందో ముందు చెబుతాను). నిమ్మకాయంత సున్నుండలో 12 గ్రాములదాకా ఉంటుంది. నలభై అరిసెలు, ఇరవై సున్నుండలు కలిపితే 520 గ్రాములు. పండగలో తిన్నది 75, పండగ వెళ్లాక తిన్నది అర కిలో పైన!

ఒక్క రోజు విందుకు ఎల్‌డీఎల్ ఎందుకు పెద్దగా కదలదో, ఇరవై రోజుల చిరుతిండికి ఎందుకు కదులుతుందో తెలియాలంటే కాలేయం చేసే పని కొంచెం తెలియాలి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని పట్టుకుని లోపలికి లాక్కోవడానికి కాలేయం కణాల మీద కొక్కేల్లాంటివి ఉంటాయి. నెయ్యి, వెన్న, వనస్పతి, పామాయిల్, కొబ్బరినూనె, మాంసం మీది కొవ్వు లాంటి వాటిలో సంతృప్త కొవ్వు ఎక్కువ. చల్లబడితే పేరుకునే గుణం దానిది. రోజూ అది ఎక్కువగా అందుతుంటే ఆ కొక్కేలు తగ్గిపోతాయి. కొక్కేలు తగ్గితే ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. ఇది పూటలో జరిగే మార్పు కాదు, రెండు మూడు వారాలు పడుతుంది. తగ్గడానికీ అంతే కాలం కావాలి. అందుకే ఎల్‌డీఎల్ మీ నెల సగటుకు జవాబు చెబుతుంది, నిన్నటి భోజనానికి కాదు.

ట్రైగ్లిజరైడ్లది వేరే తీరు. కొవ్వు ఎక్కువున్న భోజనం చేసిన మూడు నాలుగు గంటలకే అవి రక్తంలో బాగా పెరుగుతాయి. పంచదార, బెల్లం, తెల్ల అన్నం, మైదా, మద్యం ఎక్కువైతే కాలేయం వాటిని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. నాలుగు రోజుల్లోనే పెరుగుతాయి, జాగ్రత్తపడితే అంత త్వరగానూ దిగుతాయి. మనవాళ్లలో ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ లేకపోయినా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ ఉండటం చాలా మామూలు. మామయ్యది కూడా అదే ఒళ్లు.

అందుకని మిఠాయి ముట్టుకునే ముందు మీ రిపోర్టులో ఏ అంకె ఎక్కువుందో చూసుకోండి. ఎల్‌డీఎల్ అయితే నెయ్యి, వనస్పతి ఎక్కువున్న మైసూరుపాకు, బాదుషా, సున్నుండల దగ్గర చెయ్యి వెనక్కి తీయాలి. ట్రైగ్లిజరైడ్లు అయితే జిలేబి, గులాబ్ జామూన్, పాయసం దగ్గర కూడా తీయాలి, వాటితోపాటు అన్నం కూడా ఆ పూట తగ్గాలి. బెల్లంతో చేశాం కదా, ఫరవాలేదనుకోవడం ఒట్టి భ్రమ. ఈ విషయంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మూకుడు తూచిన రోజు

మరుసటి ఏడు సంక్రాంతికి నాలుగు రోజుల ముందే తెనాలి వెళ్లాను. అత్తయ్యను అరిసెలు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, మానాల్సిన అవసరమూ లేదు. "నెయ్యి బదులు వేరుశనగ నూనెలో వేయించు, ఎంత పీలుస్తుందో తూద్దాం" అన్నాను. నెయ్యి లేకుండా ఏం రుచి అని కాసేపు నసిగి, నైవేద్యానికి మాత్రం ఐదు అరిసెలు నేతిలో తీస్తానని ఒప్పుకుంది. ఆ ఐదూ వేరే చిన్న మూకుడులో తీసింది.

నూనె పోసిన పెద్ద మూకుడును వంటింటి కాటా మీద తూచాం. కిలో తడిపిండి, ముప్పావు కిలో బెల్లం పాకంతో ఆ మూకుడులో నలభై అరిసెలు తేలాయి. మూకుడు దించి చల్లారాక, చెక్కల కింద పళ్లెంలోకి కారిన నూనె కూడా అందులో పోసి మళ్లీ తూచాం. 280 గ్రాములు తగ్గింది. నలభైతో భాగిస్తే ఒక్కోదానికి 7 గ్రాములు.

ఈ 7 గ్రాములూ నెయ్యి అయితే అందులో నాలుగు గ్రాముల పైన సంతృప్త కొవ్వు ఉంటుంది. వేరుశనగ నూనె అయితే ఒకటిన్నర గ్రాముకు లోపే. పామాయిల్ అయితే సగానికి సగం. అరిసె అదే, పాకం అదే, బరువు అదే. ఎల్‌డీఎల్ మీద పడే భారం మాత్రం నేతి అరిసెతో పోలిస్తే మూడో వంతుకు తగ్గింది. కేలరీలు మాత్రం తగ్గలేదని అత్తయ్యకు అప్పుడే చెప్పాను. నూనెలో వేయించాం కదా అని నాలుగు తింటే ట్రైగ్లిజరైడ్లు, బరువు రెండూ పెరుగుతాయి.

అత్తయ్య చేతిలో నేను గమనించినవి రెండున్నాయి. పాకం లేతగా ఉన్న మొదటి వాయిలో అరిసెలు నూనెలో విచ్చుకుని, చేత్తో పట్టుకుంటే వేళ్లు తడిసిపోయాయి. పాకం ముదరనిచ్చి పిండి కలిపిన తర్వాతి వాయిలో అలా లేదు. రెండోది చెక్కలు. మూకుడులోంచి తీసిన వెంటనే, వేడి మీదే, రెండు చెక్కల మధ్య పెట్టి అరచేతి బలంతో నొక్కితే నూనె ధారగా కారింది. ఒకటి నొక్కకుండా పక్కన పెట్టించి తూచాను. నొక్కినదానికన్నా మూడు గ్రాములు ఎక్కువ తూగింది. చల్లారాక నొక్కితే లాభం లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో అరిసెల చెక్కలు కనిపించడం లేదు, రెండు గరిటెలతో కాస్త అదిమి ఊరుకుంటున్నారు. కొత్త చెక్కల జత కొనుక్కోండని నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకు నిజంగానే చెబుతాను.

సున్నుండకు ఈ ఉపాయం పనికిరాదు. నెయ్యి లేకపోతే ఉండ కట్టదు. అక్కడ తగ్గించగలిగింది పరిమాణమే. నిమ్మకాయంత చేసేవాళ్లు ఉసిరికాయంత చేయండి. చిన్న ఉండ రెండు నములులకు అయిపోయినా నోరు తీపి అవుతుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు ముక్కనుమ నాడు జరిగింది. ఆ రోజు డబ్బా ఇల్లు దాటాలన్నది మా ఒప్పందం. నైవేద్యం, మూడు రోజుల భోజనం, ఇంటికొచ్చిన పిల్లలు పోగా మిగిలినవాటిని అత్తయ్య కాగితం పొట్లాల్లో కట్టింది. పొలంలో పనిచేసేవాళ్లకు, పాలబ్బాయికి, ఎదురింటి ముసలమ్మగారికి పంచింది. పంచుకోవడం మన పండగలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఫ్రిజ్, గాలి చొరబడని డబ్బాలు వచ్చాక దాచుకోవడం పెరిగింది. ఇంట్లో పదే పది అరిసెలు ఉంచారు. అవి కూడా కాఫీతో కాదు, మధ్యాహ్నం భోజనంలో, ఒక ముద్ద అన్నం తగ్గించి. ఆకలి తీరాక చివర్లో తింటే ఒకటితో ఆగుతారు. సాయంత్రం నాలుగున్నరకు ఖాళీ కడుపుతో డబ్బా మూత తీస్తే ఆగరు.

ఎదుటివాళ్లిచ్చే డబ్బాలది ఇంకో తంటా. దీపావళికి ఆఫీసులో, బ్యాంకులో, అపార్టుమెంటులో చేతులు మారే మిఠాయి డబ్బాల అట్ట తిప్పి చదవండి. వనస్పతి అనో, వెజిటబుల్ ఫ్యాట్ అనో, పామోలిన్ అనో ఉంటుంది. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చింది. దానివల్ల వనస్పతిలో ఒక విషం తగ్గింది, సంతృప్త కొవ్వు మాత్రం అలాగే ఉంది. "కొలెస్ట్రాల్ లేదు" అన్న ముద్ర చూసి మోసపోకండి. ఏ మొక్క నుంచి తీసిన నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా ఉండదు. రక్తంలో పెంచేది దాని సంతృప్త కొవ్వు.

మన పండగల్లోనే నూనె చుక్క తగలని పిండివంటలు ఎన్నో ఉన్నాయి. వినాయక చవితికి ఆవిరి మీద ఉడికే ఉండ్రాళ్లు, కుడుములు, సద్దుల బతుకమ్మకు తెలంగాణలో చేసే నువ్వుల పొడి, పల్లీల పొడి, మన చలిమిడి, చిమ్మిలి. నువ్వుల్లో, పల్లీల్లో కొవ్వుంటుంది కానీ ఎక్కువభాగం గుండెకు కీడు చేయనిదే. ఇక బొబ్బట్టుకూ బూరెకూ పోటీ పెడితే నా ఓటు బొబ్బట్టుకే. లోపలి పూర్ణం రెండింటిలో ఒకటే. బూరె ఎంత నూనె పీల్చాలో మూకుడు నిర్ణయిస్తుంది, బొబ్బట్టు మీద ఎంత నెయ్యి వేయాలో మీ చెయ్యి నిర్ణయిస్తుంది. అర చెంచా చాలు.

పాల పాకెట్ దగ్గర ఖాళీ

మామయ్య విషయంలో నేను ఊహించని చోట ఒక వెసులుబాటు దొరికింది. ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషి రోజుకు 2,000 కేలరీలు తింటుంటే సంతృప్త కొవ్వు 15 గ్రాములు దాటకూడదు. ఆయన పొద్దున గ్లాసు పాలు, రెండు కాఫీలు, మధ్యాహ్నం, రాత్రి గడ్డపెరుగు కలిపి రోజుకు అర లీటరు పాలు ఆయన ఒక్కరి వాటాకే అవుతున్నాయి. అవి ఫుల్ క్రీమ్ పాలు. అందులో 6 శాతం కొవ్వు, అంటే 30 గ్రాములు. దానిలో 18 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వే. అరిసె నోట్లో పెట్టకముందే రోజు కోటా దాటిపోయిందన్నమాట.

డబుల్ టోన్డ్ పాలలో కొవ్వు 1.5 శాతమే ఉంటుంది. పాలు మారిస్తే అర లీటరు మీద రోజుకు 13 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు తగ్గుతుంది. దాదాపు మూడు నేతి అరిసెల భారం అది. కాఫీ పల్చబడిందని మామయ్య వారం రోజులు గొణిగారు. డికాషన్ కాస్త చిక్కగా తీయడం మొదలుపెట్టాక ఆ ఊసే ఎత్తలేదు. ధనుర్మాసం మొదలు నుంచి పెళ్లిళ్లు అయ్యేదాకా ఆ పాలే వాడారు. పండగ పూట వచ్చే కొవ్వును ఇలా కనబడని రోజువారీ కొవ్వులోంచి మినహాయించుకుంటే విస్తరి ముందు వెనకాడక్కర్లేదు.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. విందు మర్నాడు లంఖణం చేస్తారు. ఒక పూట పస్తుంటే పేరుకున్న ఎల్‌డీఎల్ కొట్టుకుపోదు, రాత్రికి ఆకలి రెట్టింపై మళ్లీ డబ్బా దగ్గరికే వెళ్తారు. వేడినీళ్లలో నిమ్మరసం, జీలకర్ర నీళ్లు కొవ్వును కరిగిస్తాయన్న మాటకూ ఆధారం లేదు. విందు మర్నాడు మామూలు భోజనమే చేయండి, అందులో శనగల గుగ్గిళ్లో, బెండకాయ కూరో, ఓట్సో, పప్పో ఉండేలా చూసుకోండి. వాటిలో ఉండే జిగురులాంటి పీచు పేగుల్లో పిత్తాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొత్త పిత్తం చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. రోజూ తింటేనే ఈ మేలు దక్కుతుంది.

పంక్తిలో, బఫేలో

మాఘమాసంలో ముహూర్తాలు ఎక్కువ. ఆ ఏడు మామయ్యకు నెలన్నరలో తొమ్మిది శుభలేఖలు వచ్చాయి. ఒక పెళ్లి అయితే నేను పట్టించుకోను. తొమ్మిదంటే అది అలవాటు కిందే లెక్క. నాలుగు దగ్గరివాళ్లవి, ఐదు మొహమాటానివి. దగ్గరివాళ్ల పెళ్లిలో తృప్తిగా భోంచేయమన్నాను. మొహమాటపు పెళ్లికి భోజనం వేళ కాకుండా వెళ్లి, అక్షింతలు వేసి, మజ్జిగ తాగి రమ్మన్నాను.

గుంటూరులో ఒక పెళ్లికి ఆయనతో నేనూ వెళ్లాను. రాత్రి ముహూర్తం, భోజనాలు మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర. ఇంటి దగ్గర ఐదున్నరకే గుప్పెడు ఉడికించిన శనగలు, గ్లాసు మజ్జిగ ఇచ్చి బయల్దేరదీశాను. పెళ్లిలో ఎక్కువ తినేది భోజనం కాదు, భోజనానికి ముందు ఆకలి మీద తినే పకోడీలు, స్టార్టర్లు. కడుపులో శనగలుంటే వాటి వైపు చూపు పోదు.

పంక్తిలో కూర్చున్నాం. విస్తట్లో మొదట పడేది తీపి. తర్వాత పులిహోర, గారె, బజ్జీ, కూరలు, పప్పు, దానిమీద నెయ్యి. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. వద్దంటే వడ్డించేవాళ్లు ఇంకా పట్టుబడతారు. ఇక్కడ పనికొచ్చే కిటుకు ఒకటుంది. తీపిని సగం తిని, మిగతా సగం చివరిదాకా విస్తట్లోనే ఉంచాలి. విస్తట్లో కనిపిస్తుంటే ఎవరూ రెండోది వేయరు. మామయ్య మొదటే పూతరేకు తినేశారు, ఇంకోటి పడింది! అప్పట్నుంచి సగం మిగల్చడం నేర్చుకున్నారు. గారె తిన్నారు, బజ్జీ వదిలేశారు. వేయించినవాటిలో ఒకటి చాలు అనుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. నెయ్యి గరిటెతో వేస్తారు, ఒక్క గరిటె 15 గ్రాములు ఉంటుంది. గరిటె వంగకముందే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "రెండు చుక్కలు బాబూ" అనాలి. పడ్డాక తీయలేం. పప్పు, కూరలు, చారు, పెరుగు కడుపునిండా తిన్నారు.

బఫేలో మర్యాద బెడద లేదు కానీ కంటి బెడద ఉంది. పళ్లెం పట్టుకోకుండా ఒకసారి వరుసంతా చూసి రండి. ఏం కావాలో అనుకున్నాక పళ్లెం తీసుకోండి. మసాలా కూరలో గరిటె అడుగుదాకా ముంచకండి, పైన తేలే నూనె కూడా తీసుకోకండి. ముక్కను ఎత్తి ఒక క్షణం ఆపితే నూనె జారుతుంది. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, ఐస్‌క్రీమ్ మూడూ ఉంటే మీకు ఇంట్లో ఎప్పుడూ దొరకనిదేదో అదొక్కటే తీసుకోండి. గులాబ్ జామూన్ ఎక్కడైనా దొరుకుతుంది.

పెళ్లికి ముందు రోజు సాయంత్రం గంటసేపు చురుగ్గా నడవండి. ముందు రోజు చేసిన వ్యాయామం మర్నాటి కొవ్వు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు పెరగడాన్ని తగ్గిస్తుంది. మద్యం పార్టీలు కూడా ఉండే పెళ్లిళ్లలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు ఆ గదివైపు వెళ్లకపోవడమే మేలు. విందుతో కలిసినప్పుడు మద్యం చేసే చేటు విడిగా చేసేదానికన్నా ఎక్కువ.

హోటల్లో

హోటల్ గురించి ఎక్కువ చెప్పను. ఎందుకంటే అక్కడ నియమం ఒక్కటే, వారానికి ఎన్నిసార్లు అన్నది. మామయ్యకు ప్రతి ఆదివారం బిర్యానీ అలవాటు. దమ్ బిర్యానీలో నెయ్యి, నూనె, వేయించిన ఉల్లిపాయలు కలిసి అడుగుకు దిగుతాయి. అడుగు మసాలా రుచిగా ఉండేది అందుకే. నెలకు రెండుసార్లకు తగ్గించి, ఒక బిర్యానీ ఇద్దరు పంచుకుని, ముందు చికెన్ 65 తినడం మానేయమన్నాను. ఆయన ఒప్పుకున్నారు కానీ అడుగు మసాలా మాత్రం వదలలేదు. ఫరవాలేదు.

టిఫిన్ హోటల్లో నెయ్యి కారం దోసె, పూరీ తప్పిస్తే మిగతావాటితో పెద్ద చిక్కు లేదు. ఇడ్లీ మీద నెయ్యి పోయకుండా చిన్న గిన్నెలో ఇవ్వమంటే ఇస్తారు. పెసరట్టు తక్కువ నూనెతో కాల్చమంటే కాలుస్తారు. రోటీ మీద బటర్ రాయొద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. పన్నీర్ బటర్ మసాలాలో వెన్న, క్రీమ్, జీడిపప్పు ముద్ద, పన్నీర్ నాలుగూ కలుస్తాయి, అందుకని దాని బదులు పప్పు తడ్కా చెప్పండి. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం హోటల్ భోజనం కాదు. ఆఫీసు పక్కన టీ కొట్లో రోజూ తినే కర్రీ పఫ్. దాని పొరలన్నీ వనస్పతి లాంటి కొవ్వుతోనే విడతాయి. నెలకోసారి తినే బిర్యానీని మానుకుని రోజూ పఫ్ తినేవాళ్లను నేను చాలామందిని చూశాను.

మాత్ర, పరీక్ష

మామయ్య మాత్ర సంగతి తర్వాత బయటపడింది. పెళ్లిళ్లకు ఊళ్లు తిరిగినప్పుడు మాత్రల డబ్బా ఇంట్లోనే ఉండిపోయేది. ఆ ఏడు జనవరిలో ఆరు రాత్రులు వేసుకోలేదు. విందు రోజున మాత్ర మానకూడదు. బాగా తిన్నామని రెండు వేసుకోకూడదు కూడా. మాత్ర ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తుంది కానీ విందు తర్వాత పెరిగే ట్రైగ్లిజరైడ్లను అంతగా ఆపలేదు. అందుకని మాత్ర వేసుకుంటున్నాం కదా అని తినడం సరికాదు.

విందు మర్నాడు రక్తపరీక్ష చేయించుకోకండి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్ లోంచి మంచి కొలెస్ట్రాల్‌ని, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేసి లెక్కగడతారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు. మామూలు తిండికి వచ్చి మూడు నాలుగు వారాలయ్యాక చేయించుకుంటే నిజం తెలుస్తుంది. పరీక్షకు ముందు వారం రోజులు పథ్యం చేసి వెళ్లడం డాక్టర్ని కాదు, మనల్ని మనమే మభ్యపెట్టుకోవడం.

నేను చెప్పినవన్నీ అందరికీ సరిపోవు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్లకు క్లోమం వాచే ప్రమాదం మొదలవుతుంది. వాళ్లు విందుల జోలికి వెళ్లకుండా ముందు డాక్టర్ని కలవాలి. ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లకు అది వంశపారంపర్యంగా వచ్చి ఉండొచ్చు, తిండి మార్పుతో ఒక్కదానితో దిగదు, ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్ష చేయించాలి. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ పడ్డవాళ్లు కడుపు బిగిసేలా తినకూడదు. భారీ భోజనం తర్వాత రెండు గంటల్లో ఛాతీ బరువుగా అనిపించి చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. కల్యాణమండపం నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

మరుసటి ఏడు ఫిబ్రవరి రిపోర్టు కూడా మామయ్య పంపారు. ఎల్‌డీఎల్ 101, ట్రైగ్లిజరైడ్లు 165. పండగ, నాలుగు పెళ్లిళ్లు, రెండు బిర్యానీలు దాటొచ్చినా అంకెలు నవంబరు నాటికన్నా పెరగలేదు. డాక్టరుగారు 100 లోపు కావాలన్నారు కాబట్టి డోసు సంగతి ఆయన చూసుకుంటారు. ఈ సంక్రాంతికి అత్తయ్య అరిసెలు ముప్పయ్యే చేసింది. ముక్కనుమ సాయంత్రానికి డబ్బా కడిగి బోర్లించింది.